పెదవి ముందు, మాట వెనుక

వంటల యూట్యూబ్ ఛానల్ నడిపే దంపతులు ఉన్నారనుకుందాం. ఆవిడ వండుతుంది, ఆయన వీడియో తీసి ఎడిట్ చేస్తాడు. ఆ వారం గోంగూర పచ్చడి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, ఇంట్లో ఎవరికీ నిద్రాభంగం కలగకుండా చెవుల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటాడు. ప్లే నొక్కగానే తేడా తెలిసిపోతుంది. ఆవిడ పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తరవాత వస్తోంది. రోట్లో బండ పడిపోయి మళ్లీ పైకి లేచే వేళకు దాని చప్పుడు వినిపిస్తోంది. మాటల్ని కాలర్ మైకులో విడిగా రికార్డు చేశారు కాబట్టి, ఆ రెండింటినీ కలపడంలో తానే ఎక్కడో పొరబడ్డానని ఆయన అనుకుంటాడు. టైమ్‌లైన్‌లో ఆడియో క్లిప్‌ను ఒక్కో ఫ్రేమే ఎడమవైపుకు జరుపుకుంటూ పోతే, ఐదో ఫ్రేమ్ దగ్గర మాట పెదవికి అతికినట్టు కుదురుతుంది. హమ్మయ్య అనుకుని ఎక్స్‌పోర్ట్ చేసి, అప్‌లోడ్ చేసి పడుకుంటాడు.

పొద్దున్నే మరదలి ఫోన్. "బావగారూ, టీవీలో పెట్టుకుని చూస్తున్నాం. అక్క నోరు తెరవకముందే మాట వచ్చేస్తోందేంటండీ?"

ఆయన కలిపిన సింక్ మొదట్లో సరిగ్గానే ఉంది. ఆలస్యం ఉన్నది ఫైల్లో కాదు, ఆయన వింటున్న దారిలో. ల్యాప్‌టాప్ నుంచి చెవి దాకా శబ్దం చేరడానికి పట్టిన 200 మిల్లీసెకన్లను, అంటే సెకనులో ఐదో వంతును, ఆయన వీడియోలోంచి కోసేశాడు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. ఐదు ఫ్రేములు జరిపితే లెక్క సరిగ్గా 200. ఆ బడ్స్ పెట్టుకున్న ఆయనకు తప్ప మిగతా లోకమంతటికీ మాట ముందు, పెదవి వెనుక అయింది.

ఈ 200 ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది గాలిని అనుమానిస్తారు. రేడియో తరంగం కాంతి వేగంతో వెళుతుంది కాబట్టి బల్ల మీది ల్యాప్‌టాప్ నుంచి చెవికి చేరడానికి దానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. ఇంకొందరు కోడెక్‌ను, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిని తప్పుపడతారు. దాని వాటా కొంత ఉన్న మాట నిజమే. కానీ ప్రతి బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ కోడెక్ ఒక్కోసారి కుదించే ముక్క మామూలు సెట్టింగుల్లో 3 మిల్లీసెకన్లకు కూడా సరిపోదు. మరి మిగతాది ఏమవుతోంది?

అది నిల్వలో కూర్చుంటోంది. సాంకేతికుల మాటలో బఫర్. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. అదే పట్టీలో వైఫై ఉంటుంది, పక్కింటి వైఫై ఉంటుంది, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉంటుంది. ఈ రద్దీలో ఒక చోట నిలబడితే పని జరగదని మామూలు బ్లూటూత్ 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఉంటుంది. అయినా కొన్ని ప్యాకెట్లు దారిలో పోతాయి. ఫోన్ వెనక జేబులో ఉంటే మన ఒళ్లే అడ్డం పడుతుంది. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపించుకోవాలి. అది వచ్చేలోపు పాట ఆగకూడదంటే ఇయర్‌బడ్ తన దగ్గర కొంత శబ్దాన్ని ముందే పోగేసి పెట్టుకోవాలి. వచ్చిందాన్ని వచ్చినట్టు వినిపించకుండా, వందో నూటయాభయ్యో మిల్లీసెకన్ల సరుకు చేతిలో ఉంచుకుని వెనక నుంచి వినిపిస్తూ వస్తుంది. మనకు వినిపించే ఆలస్యంలో పెద్ద భాగం అదే. అంటే ఇది లోపం కాదు, కావాలని పెట్టుకున్న జాగ్రత్త. పాట వినేవాడికి దానితో ఏ ఇబ్బందీ లేదు. పాట సెకనులో ఐదో వంతు ఆలస్యంగా మొదలైందని ఎవరు గమనిస్తారు?

ఇయర్‌బడ్స్‌లో 'గేమ్ మోడ్' అని ఒకటి ఉంటుంది. అందులో మంత్రమేమీ లేదు. అది ప్రధానంగా ఈ నిల్వను తగ్గిస్తుంది. ఆలస్యం తగ్గుతుంది. బదులుగా రైల్వే స్టేషన్ లాంటి రద్దీ చోట శబ్దం ముక్కలు ముక్కలుగా తెగడం మొదలవుతుంది.

అయితే అదే బడ్స్‌తో ఫోన్‌లో యూట్యూబ్ చూస్తే పెదవీ మాటా చక్కగా కలుస్తాయి కదా అన్న సందేహం వస్తుంది. నిజమే, సాధారణంగా కలుస్తాయి. ఆలస్యం లేక కాదు, ఫోన్ దాన్ని కప్పిపెట్టడం వల్ల. బ్లూటూత్‌లో 'డిలే రిపోర్టింగ్' అనే ఏర్పాటు ఉంది. తన దగ్గర శబ్దం ఎంతసేపు ఆగుతుందో హెడ్‌ఫోన్ ఫోన్‌కు చెప్పగలదు. ఆ అంకెను పట్టుకుని వీడియో ప్లేయర్ బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. రెండూ కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి మనకు తేడా తెలియదు. ప్లే నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆ చిన్న విరామంలో ఈ సర్దుబాటు ఇమిడిపోతుంది.

గేముల్లో ఈ ఉపాయం చెల్లదు. ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కుతామో ఫోన్‌కు ముందుగా తెలియదు. శబ్దం కోసం బొమ్మను ఆపితే ఆటే పాడవుతుంది. అందుకే తుపాకి పేలాక చప్పుడు తీరిగ్గా వస్తుంది. వీడియో కాల్‌లోనూ, ఫోన్‌లో కీబోర్డు వాయించే ఆప్‌లోనూ ఇదే తంతు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందులో ఉన్నది ముందే తీసిన వీడియో కాబట్టి బొమ్మను ఆపి చూపించడం సాధ్యమే. కానీ ఎడిటర్ క్షణక్షణం ఆపుతుంటాడు, వెనక్కి లాగుతుంటాడు, ఒక్కో ఫ్రేమ్ కదుపుతుంటాడు. చేతికి వెంటనే స్పందించాలి కాబట్టి చాలా సాఫ్ట్‌వేర్లు బొమ్మను పట్టి ఉంచవు. కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. కొన్ని హెడ్‌ఫోన్లు చెప్పే అంకే ఉజ్జాయింపు. అందుకే అదే ల్యాప్‌టాప్, అవే బడ్స్, అదే ఫైల్ ఉన్నా ప్లేయర్‌లో సింక్ కుదిరి, ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో కుదరకపోవచ్చు. గోంగూర పచ్చడి దగ్గర జరిగింది ఇదే.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. స్పేస్ బార్ నొక్కి వీడియో ఆపినప్పుడు బొమ్మ ఆగిపోయాక కూడా చెవిలో మాట తోక ఒకటి వినిపించిందంటే అది బ్లూటూత్ వెనకబాటే. ఇంకో గుర్తు కూడా ఉంది. కాసేపు ఊరుకుని మళ్లీ ప్లే నొక్కితే మొదటి అక్షరం మింగేసినట్టు 'నమస్కారం' కాస్తా 'మస్కారం' అవుతుంది. బ్యాటరీ ఆదా కోసం శబ్దం లేనప్పుడు ఆ దారి నిద్రపోతుంది, మళ్లీ మేలుకోవడానికి కొంత సమయం పడుతుంది. కట్ సరిగ్గా పడలేదేమోనని ఎడిటర్ ఆ చోటునే పదిసార్లు సరిచూసుకుంటాడు. అక్కడ కట్‌కు ఏ పాపమూ తెలియదు.

అన్నట్టు, 200 మిల్లీసెకన్లు అంత పెద్ద విషయమా? క్రికెట్ స్టేడియంలో పిచ్‌కు 70 మీటర్ల దూరాన కూర్చున్నవాళ్లకు బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు దాదాపు ఇంత ఆలస్యంగానే చేరుతుంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది మరి. అక్కడ ఎవరూ ఫిర్యాదు చేయరు. దూరంగా జరిగేదాని శబ్దం వెనకగా రావడం మనిషికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. శబ్దం ముందు వచ్చి దృశ్యం తరవాత రావడమే ప్రకృతిలో ఎక్కడా లేదు. ఈ తేడా ప్రసార రంగం వాళ్ల కొలతల్లోనూ కనిపిస్తుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం శబ్దం వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా ప్రేక్షకుడు పసిగట్టడు. అదే శబ్దం ముందుకొస్తే 45 దగ్గరే పట్టేస్తాడు. ఎంతవరకు సహిస్తాడన్న కొలత వెనకబాటుకు 185, ముందుకు రావడానికి 90.

ఈ అంకెలు పక్కన పెట్టుకుంటే మన ఎడిటర్ చేసిన పని ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. ఆయన చెవికి 200 మిల్లీసెకన్ల వెనకబాటు వినిపించింది. అది ఓర్పు హద్దుకు కాస్త అవతల. దాన్ని సరిచేయబోయి ప్రేక్షకుల మీద 200 మిల్లీసెకన్ల ముందడుగు రుద్దాడు. అది సహించగలిగిన హద్దుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ప్రేక్షకులు తమ బ్లూటూత్ బడ్స్‌తో ఫోన్‌లో చూసినా తప్పు తప్పుగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ఆలస్యాన్ని వాళ్ల ఫోన్ అప్పటికే సర్దేసింది.

అందుచేత సర్దుబాటు ఎక్కడ చేయాలన్నది మొదట తేలాలి. ఎంత చేయాలన్నది ఆ తరవాత. ఎంత అన్నది తెలియాలంటే కొలవాలి. పెట్టె మీద రాసిన అంకె ఇందుకు పనికిరాదు. అది ఆ తయారీదారు ఎంచుకున్న ఫోన్‌తో, ఎంచుకున్న మోడ్‌లో వచ్చిన అంకె. మనకు కావలసింది మన ల్యాప్‌టాప్, మన బడ్స్, మన సాఫ్ట్‌వేర్ కలిస్తే వచ్చేది.

కొలవడానికి ఇంకో ఫోన్ ఉంటే చాలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నల్లటి తెర ఉన్న చిన్న వీడియో తయారుచేసుకోవాలి. రెండేసి సెకన్లకు ఒకసారి రెండు ఫ్రేముల పాటు తెల్లటి వెలుగు రావాలి. ఆ వెలుగు మొదలైన ఫ్రేమ్ దగ్గరే 'బీప్' మొదలవ్వాలి. ఇలాంటివి ఓ ఎనిమిది, పది చాలు. బడ్స్ నిద్రపోయి బీప్‌ను మింగేయకుండా అడుగున ఇంకో ట్రాకులో సన్నగా వినిపించే హోరు ఏదైనా పరిచి ఉంచడం మంచిది. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారో అందులోనే ప్లే చేయాలి, వేరే ప్లేయర్‌లో కాదు.

రెండో ఫోన్ కెమెరాను సెకనుకు 60 ఫ్రేములకు పెట్టి తెరను వీడియో తీయాలి. ఒక ఇయర్‌బడ్‌ను ఆ ఫోన్ మైకు రంధ్రానికి ఆనించి పట్టుకోవాలి. ఇప్పుడు ఆ వీడియోను 60 ఫ్రేముల టైమ్‌లైన్‌లోకి తెచ్చి చూస్తే, తెర తెల్లబడిన ఫ్రేమ్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, బీప్ ఎక్కడ మొదలైందో వేవ్‌ఫామ్ గీతలో కనిపిస్తుంది. చెవితో పనే లేదు. మధ్యలో 13 ఫ్రేములు ఉన్నాయనుకుందాం. బడ్స్ తీసేసి వైర్ ఇయర్‌ఫోన్స్‌తో అదే పరీక్ష మళ్లీ చేస్తే ఒక ఫ్రేమ్ తేడా వచ్చిందనుకుందాం. ఆ ఒక్కటీ తెరది, కెమెరాది, సాఫ్ట్‌వేర్‌ది. బ్లూటూత్‌ది కాదు. 13లోంచి ఒకటి తీసేస్తే 12. ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, కాబట్టి 12 ఫ్రేములు 200 మిల్లీసెకన్లు. పది బీపుల్లోనూ ఒక ఫ్రేమ్ అటూ ఇటూగా ఇదే వస్తే ఆ అంకెను నమ్మొచ్చు. బీపు బీపుకూ మారిపోతుంటే కనెక్షన్ నిలకడగా లేదని అర్థం, ముందు దాని సంగతి చూడాలి.

ఈ అంకె శాశ్వతం కాదని కూడా గుర్తుంచుకోవాలి. గేమ్ మోడ్ ఆన్ చేసినా, ల్యాప్‌టాప్ బదులు ఫోన్‌కు కలిపినా, కోడెక్ మారినా మళ్లీ కొలవాల్సిందే.

ఇక చూసేవాళ్ల సంగతి. కంప్యూటర్‌లో దాచుకున్న సినిమా ఫైలైతే పరిష్కారం చిటికెలో పని. వీఎల్‌సీ ప్లేయర్‌లో విండోస్ మీద కీబోర్డులో `J` ఒకసారి నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, `K` నొక్కితే 50 వెనక్కి పోతుంది. 200 మిల్లీసెకన్ల వెనకబాటుకు `J` నాలుగుసార్లు. తెర మూలన ఆలస్యం మైనస్ 200 అని కనిపిస్తుంది. ఎంపీవీ వాడేవాళ్లకు `Ctrl` తో కలిపి `+`, `-` మీటలున్నాయి, ఒక్కో నొక్కుకు సెకనులో పదో వంతు. ఇది చూసే తీరును మార్చడమే, ఫైల్‌ను కాదు. అయితే మొదట ఏమీ మార్చకుండా ఒక నిమిషం చూడటం మంచిది. ప్లేయర్ తనంతట తాను సర్దేసి ఉంటే, దాని మీద మనం ఇంకోసారి సర్దితే ఉన్నది పోతుంది.

టీవీ దగ్గరే అసలు చిక్కు. రాత్రిపూట ఇంట్లోవాళ్లు లేవకుండా చూసుకుందామని టీవీకి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలుపుకునేవాళ్లు ఎక్కువయ్యారు. సింక్ తప్పిందని సెట్టింగ్స్‌లోకి వెళితే 'ఆడియో డిలే' అని ఒకటి కనిపిస్తుంది. ఆశగా దాన్ని పెంచుతారు. పరిస్థితి ఇంకా ముదురుతుంది. సౌండ్‌బార్ల లోనూ, చాలా టీవీల్లోనూ ఆ సెట్టింగ్ ఉన్నది శబ్దాన్ని మరింత ఆపడానికే. టీవీలు బొమ్మను మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి, అప్పుడు శబ్దం ముందుగా వచ్చేస్తుంది. ఆ జబ్బుకు వేసిన మందు అది. బ్లూటూత్ జబ్బు దానికి సరిగ్గా తిరగబడ్డది. ఇక్కడ కావలసింది బొమ్మను ఆపడం, లేదా శబ్దాన్ని ముందుకు తేవడం. సున్నాకు కిందికి, అంటే మైనస్‌లోకి వెళ్లే సెట్టింగ్ ఉన్న టీవీ అయితేనే ఆశ.

పాత టీవీలకు హెడ్‌ఫోన్ రంధ్రంలో చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ గుచ్చి వాడుతుంటారు. దానితో ఇంకో ఇబ్బంది. ఆ రంధ్రంలోంచి వెళ్లిన శబ్దం చివరికి ఏమైందో టీవీకి తెలియదు. అవతల బ్లూటూత్ ఉందనే తెలియనప్పుడు బొమ్మను ఎంతసేపు ఆపాలో ఎవరు చెప్తారు? అలాంటి చోట దారిని కుదించడం ఒక్కటే మార్గం. ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ అనే కోడెక్ ఆలస్యాన్ని 40 మిల్లీసెకన్ల చుట్టుపక్కలకు దించుతుంది. కానీ అది ట్రాన్స్‌మిటర్‌లోనూ ఉండాలి, హెడ్‌ఫోన్‌లోనూ ఉండాలి. ఒకదానిలో లేకపోతే రెండూ నోరు మూసుకుని ఎస్‌బీసీకి దిగిపోతాయి, మనకు మాటమాత్రం చెప్పవు. ఐఫోన్ వాడేవాళ్లకైతే ఈ కోడెక్ ఊసే లేదు, అందులో ఉన్నవి ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే. సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే గేమింగ్ హెడ్‌సెట్లు ఈ గొడవల జోలికి పోకుండా తమ సొంత రేడియో పద్ధతిలో చాలా తక్కువ ఆలస్యంతో నడుస్తాయి. 2020 జనవరిలో ప్రకటించిన ఎల్ఈ ఆడియో, దానితో వచ్చిన ఎల్‌సీ3 కోడెక్ కూడా ఆలస్యాన్ని బాగా తగ్గించేవే. కాకపోతే అక్కడా షరతు అదే, రెండు వైపులా ఉండాలి.

ఎడిటర్ దగ్గరికి మళ్లీ వద్దాం. వైర్ ఇయర్‌ఫోన్స్ కొనుక్కోమని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అది సరైన సలహా కూడా. కానీ చాలా కొత్త ఫోన్లలో ఆ రంధ్రమే లేదు, చేతిలో ఉన్నవి బడ్సే. వాటితోనే పని కానివ్వాలంటే సింక్ విషయంలో చెవిని పక్కనపెట్టి కంటిని నమ్మాలి. సినిమా వాళ్లు క్లాప్ కొట్టేది ఇందుకే. క్లాప్ పలకలు ఒకదానికొకటి తగిలిన ఫ్రేమ్ బొమ్మలో స్పష్టంగా ఉంటుంది. ఆ 'టప్' వేవ్‌ఫామ్‌లో మేకులా నిలువుగా లేస్తుంది. మేకును ఆ ఫ్రేమ్ కిందికి తెస్తే సింక్ అయిపోయినట్టే. చెవిలో ఏమి వినిపించినా, వినిపించకపోయినా దానికి సంబంధం లేదు. క్లాప్ పలక లేకపోతే ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట్లు చాలు. మరిచిపోతే రోట్లో బండ దెబ్బ ఉండనే ఉంది. మాటల్లోనే వెతకాలంటే ప, బ, మ అక్షరాలు పట్టుకోవాలి. వాటికి పెదవులు పూర్తిగా మూసుకుని తెరుచుకుంటాయి. 'పచ్చడి' అన్నప్పుడు పెదవులు విడిపోయే ఫ్రేమ్ దగ్గరే వేవ్‌ఫామ్ ఒక్కసారిగా లావెక్కాలి.

సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో ఆఫ్‌సెట్ లాంటి పేరుతో, చూపించే బొమ్మను మాత్రం వెనక్కి జరిపే సెట్టింగ్ ఉంటే కొలిచిన 200ను అక్కడ ఇచ్చుకోవచ్చు. అది టైమ్‌లైన్‌ను ముట్టుకోదు. దీన్ని ఆడియో హార్డ్‌వేర్ పేజీలో కనిపించే `Latency` అనే అంకెతో కలిపి గందరగోళ పడకూడదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆ అంకె సాధారణంగా కంప్యూటర్ లోపలి నిల్వ గురించి. బడ్స్‌లో ఏం జరుగుతోందో దానికి తెలియదు.

టైమ్‌లైన్‌ను జరపకూడదన్న ఈ నియమానికి తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. రీల్స్ చేసేవాళ్లు పాట వింటూ దరువు పడ్డప్పుడల్లా వేలితో తట్టి మార్కర్లు పెడుతుంటారు, ఆ మార్కర్ల దగ్గర షాట్లు మారేలా కోస్తారు. బొమ్మను ఆపని ఆప్‌లో, బ్లూటూత్‌లో వింటూ తడితే ప్రతి మార్కరూ 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. డప్పు దెబ్బ పడిపోయాక షాట్ మారుతుంది. విచిత్రమేమిటంటే బడ్స్‌లో వింటూ చూస్తే మార్పు దెబ్బ మీదే పడ్డట్టు ఉంటుంది. స్పీకర్‌లో పెట్టాకే బండారం బయటపడుతుంది. ఇక్కడ ఆలస్యం నిజంగానే ఫైల్లోకి దిగింది కాబట్టి మార్కర్లన్నిటినీ కలిపి ఐదు ఫ్రేములు ఎడమకు జరపడమే సరైన మందు.

డబ్బింగ్ చెప్పేవాళ్లదీ ఇదే కథ, ఒక మెలికతో. ఇంట్లో మైకు పెట్టుకుని చెప్పేటప్పుడు చెవిలో పైలట్ ట్రాక్ వినిపిస్తుంటుంది. కళ్లు తెర మీది పెదవుల్ని చూస్తుంటాయి. బ్లూటూత్ వల్ల ఆ రెండూ రెండు దారులు పట్టినప్పుడు, పెదవిని బట్టి మాట కలిపే మనిషి సరిగ్గానే చెప్తాడు. పైలట్‌ను బట్టి చెప్పే మనిషి ఆ మేరకు వెనకబడతాడు. ఒకే మనిషి ఒక డైలాగు ఇలా, ఇంకో డైలాగు అలా చెప్పాడంటే దాన్ని ఒక్క అంకెతో సరిచేయడం ఎవరి తరమూ కాదు. అందుకే డబ్బింగ్‌కు మాత్రం వైరే. అడాసిటీ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'లేటెన్సీ కాంపెన్సేషన్' అనే సెట్టింగ్ ఉంది. వింటూ రికార్డు చేసిన ట్రాకును అది అన్నిసార్లూ ఒకే కొలతతో వెనక్కి లాగుతుంది. మొదట్లో అందులో ఉండే అంకె మైనస్ 130 మిల్లీసెకన్లు. బ్లూటూత్‌కు ఆ అంకె సరిపోతుందన్న భరోసా ఏమీ లేదు, కొలిచి మార్చుకోవాలి. బడ్స్‌లోని మైకుతోనే రికార్డు చేద్దామనుకుంటే ఇంకో తలనొప్పి. మైకు తెరవగానే బడ్స్ సాధారణంగా ఫోన్ కాల్ పద్ధతికి మారి, వినిపించే శబ్దం కూడా పాత టెలిఫోన్‌లా సన్నబడిపోతుంది.

ఇక మరదలు ఫిర్యాదు చేసిన ఆ వీడియో. ప్రాజెక్టు ఫైల్ ఉంటే ఆడియో క్లిప్‌లను ఐదు ఫ్రేములు కుడివైపుకు జరిపి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. అయితే తాను మొత్తం ఆడియోను జరిపాడా, మాటల ట్రాకునే జరిపాడా అన్నది చూసుకోవాలి. నేపథ్య సంగీతం ఎలాగున్నా ఫరవాలేదు. కానీ కెమెరా మైకులో పడ్డ రోటి చప్పుడును ఆయన ముట్టుకుని ఉండకపోతే దాన్ని ఇప్పుడు కదపకూడదు. ప్రాజెక్టు పోయి, మిగిలింది ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలే అయితే, అందులో శబ్దమంతా ఒకే కొలతలో ముందుకు జరిగి ఉంటే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంతో ఒక్క ఆదేశంలో పని అవుతుంది.

```
ffmpeg -i pachadi.mp4 -itsoffset 0.2 -i pachadi.mp4 -map 0:v -map 1:a -c copy pachadi_sync.mp4
```

ఒకే ఫైల్‌ను ఇది రెండుసార్లు తెరుస్తుంది. మొదటిసారి తెరిచిన దాంట్లోంచి బొమ్మను, 0.2 సెకను ఆలస్యం కలిపి రెండోసారి తెరిచిన దాంట్లోంచి శబ్దాన్ని తీసుకుని ఒకటిగా కడుతుంది. చివర్లో ఉన్న `copy` వల్ల మళ్లీ కుదింపు జరగదు కాబట్టి నాణ్యత తగ్గదు, పెద్ద వీడియో కూడా త్వరగా అయిపోతుంది. వచ్చిన ఫైల్‌ను ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లలో పెట్టి, రోట్లో బండ పడే చోట ఒక్కో ఫ్రేమ్ చొప్పున చూసుకుంటే సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో ఫైల్‌ను తీసి అదే లింకులో కొత్తది పెట్టే వీలు లేదు. కొత్తగా అప్‌లోడ్ చేయాల్సిందే, పాత వీడియోకు వచ్చిన వ్యూస్, కామెంట్లు దాంతోనే ఉండిపోతాయి.